వాటా పెరిగింది, పట్టు తగ్గింది: ఒక షేర్‌హోల్డింగ్ ప్యాటర్న్ పరిశీలన

ఇక్కడ వివరిస్తున్న కంపెనీలో ఎనిమిది త్రైమాసికాల కాలంలో ప్రమోటర్ల వాటా 46 శాతం నుంచి 50 శాతానికి పెరిగింది, సంస్థాగత మదుపరుల వాటా 14 శాతం నుంచి 17.5 శాతానికి పెరిగింది. పైపైన చూసిన వారికి ఈ రెండూ మంచి పాలనకు గుర్తులే. యజమానికి తన కంపెనీపై నమ్మకం ఉందని ఒకటి చెబుతుంది, పెద్ద సంస్థలు లెక్కలు చూసుకునే వచ్చాయని రెండోది చెబుతుంది. అదే కాలంలో అదే కంపెనీలో పాలన బలహీనపడుతున్నదని చెప్పడానికి కావలసిన సమాచారమంతా ఆ అంకెలున్న వాటాదారుల పట్టికల్లోనే, పక్క గడుల్లో ఉంది. ఆ సమాచారాన్ని ఎలా చదివామో, ఏ లెక్కతో ఏ నిర్ణయానికి వచ్చామో ఈ వ్యాసంలో రాస్తున్నాను. కంపెనీని గుర్తుపట్టే వీలు లేకుండా రంగాన్నీ ధరలనూ మార్చి, అంకెలను గుండ్రం చేశాను. కథ నడిచిన తీరును మాత్రం మార్చలేదు.

మా మదుపు సలహా కార్యాలయం భీమవరంలో ఉంది. ఈ కంపెనీని మా దృష్టికి తెచ్చింది ఉండి మండలానికి చెందిన ఒక రొయ్యల రైతు కుటుంబం. చెరువుల పట్టుబడి డబ్బులో మేత బాకీలు, లీజులు పోను మిగిలిన 40 లక్షల రూపాయలను ఈ ఒక్క షేరులోనే పెట్టాలన్నది వారి ఆలోచన. కుటుంబ పెద్ద చెప్పిన కారణం సూటిగా ఉంది: "ఓనరే మార్కెట్టు రేటుకి కొంటున్నాడు కదండీ. లోపలి సంగతి ఆయనకి తెలియకుండా ఉంటుందాండీ?" ఆయన అడిగినదాంట్లో న్యాయం ఉంది. ప్రమోటరు సొంత డబ్బుతో షేర్లు కొనడం కంటే బలమైన సంకేతం షేర్‌హోల్డింగ్ ప్యాటర్న్‌లో మరొకటి అరుదు. అందువల్ల ప్రమోటరు ఎంత కొన్నాడన్న దాని కంటే ముందుగా, ఏ డబ్బుతో కొన్నాడన్నది తేల్చుకోవలసి వచ్చింది.

పట్టికలో మొదట చూసినది

ప్రతి నమోదిత కంపెనీ త్రైమాసికం ముగిసిన 21 రోజుల లోపు తన వాటాదారుల వివరాలను స్టాక్ ఎక్స్ఛేంజీలకు ఇవ్వాలి. అందులో ప్రమోటర్లకు ఒక పట్టిక, పబ్లిక్ వాటాదారులకు మరొక పట్టిక ఉంటాయి. ప్రమోటర్ల పట్టికలో ప్రతి పేరుకూ ఎదురుగా, వారి షేర్లలో ఎన్ని తాకట్టులోనో మరే ఇతర భారం కిందనో ఉన్నాయో చూపే గడులుంటాయి. అక్కడ శాతాన్ని ప్రమోటరు సొంత వాటాపై లెక్కిస్తారు, మొత్తం కంపెనీపై కాదు. ఈ తేడాను గమనించకపోతే రెండు కంపెనీలను పోల్చడంలో పొరపాటు జరుగుతుంది. 70 శాతం వాటా ఉన్న ప్రమోటరు అందులో పదో వంతు తాకట్టు పెట్టినా, 14 శాతం వాటా ఉన్న ప్రమోటరు అందులో సగం తాకట్టు పెట్టినా, మొత్తం కంపెనీలో తాకట్టుకు వెళ్ళింది 7 శాతమే. మొదటివారికి మిగిలిన పట్టు 63 శాతమైతే, రెండోవారికి మిగిలింది 7 శాతం మాత్రమే.

అందుకే నేను ప్రతి కంపెనీకీ, పట్టికలో ఎక్కడా ముద్రించని ఒక అంకెను వేరుగా కట్టుకుంటాను. ప్రమోటర్ల మొత్తం షేర్ల నుంచి తాకట్టు, ఇతర భారాల కింద ఉన్న షేర్లను తీసివేసి, మిగిలినదాన్ని కంపెనీ మొత్తం షేర్లతో భాగించాలి. వచ్చేది భారం లేని ప్రమోటరు వాటా. ప్రమోటరు ఎవరి అనుమతీ లేకుండా, ఎవరి షరతుకూ లోబడకుండా తనదని చెప్పుకోగలిగినది అంతే.

మన కంపెనీ విషయంలో మొదటి త్రైమాసికంలో మొత్తం షేర్లు 10 కోట్లు, ప్రమోటర్లవి 4.60 కోట్లు, తాకట్టులో ఉన్నవి 46 లక్షలు. అంటే ప్రమోటరు వాటాలో 10 శాతమే తాకట్టులో ఉంది, భారం లేని వాటా 41.4 శాతం. ఎనిమిదో త్రైమాసికానికి మొత్తం షేర్లు 10.80 కోట్లయ్యాయి, ప్రమోటర్లవి 5.40 కోట్లకు చేరాయి. తాకట్టులో ఉన్నవి 2.97 కోట్లు, అంటే ప్రమోటరు వాటాలో 55 శాతం. భారం లేని షేర్లు 2.43 కోట్లు, మొత్తంలో 22.5 శాతం. పత్రికల్లో, వెబ్‌సైట్లలో కనిపించే వాటా 46 నుంచి 50కి ఎక్కుతూ ఉంటే, నిజంగా చేతిలో ఉన్న వాటా 41.4 నుంచి 22.5కు, దాదాపు సగానికి దిగిపోయింది.

కొన్న డబ్బు ఎక్కడిది

ప్రమోటర్ల వాటా పెరిగింది బజారులో కొనడం వల్ల కాదు. ముందే నిర్ణయించిన ధరకు తరువాత షేర్లుగా మార్చుకునే హక్కునిచ్చే 80 లక్షల వారెంట్లను కంపెనీ, ప్రమోటర్ల కుటుంబానికి చెందిన ఒక ప్రైవేటు సంస్థకు, ఒక్కొక్కటి 250 రూపాయల చొప్పున, ఎంచుకున్నవారికే జారీ చేసే ప్రిఫరెన్షియల్ పద్ధతిలో కేటాయించింది. మొత్తం విలువ 200 కోట్లు. మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ నిబంధనల ప్రకారం వారెంట్లకు నాలుగో వంతు డబ్బు ముందుగా కట్టాలి, మిగిలినది 18 నెలల లోపు కట్టి షేర్లుగా మార్చుకోవచ్చు. కట్టకపోతే ముందు కట్టినది కంపెనీకే పోతుంది. ఇక్కడ మొదట 50 కోట్లు, తరువాత గడువు దగ్గర పడినప్పుడు 150 కోట్లు వచ్చాయి.

తాకట్టు పెరిగిన తేదీలను వారెంట్ల తేదీల పక్కన పెట్టి చూసినప్పుడు విషయం తేలింది. ఇందుకు త్రైమాసిక పట్టిక చాలదు. ప్రమోటరు తాకట్టు పెట్టినా, విడిపించుకున్నా, అప్పిచ్చినవారు తాకట్టును జప్తు చేసుకున్నా, ఏడు పని దినాల లోపు ఎక్స్ఛేంజీలకు తెలియజేయాలని టేకోవర్ నిబంధనల్లోని 31వ నిబంధన చెబుతోంది. ఆ ప్రకటనలను వరుసగా తీసి చూస్తే, వారెంట్లు మార్చుకోవడానికి కొద్ది వారాల ముందు రెండు విడతలుగా పెద్ద తాకట్టు నమోదైంది. అప్పు తీసుకున్నది వారెంట్లు పొందిన సంస్థే. అంటే పాత షేర్లను కుదువబెట్టి తెచ్చిన అప్పుతో కొత్త షేర్లు కొన్నారు. కంపెనీ ఖాతాలోకి 200 కోట్లు నిజంగానే వచ్చాయి, అందులో తప్పు లేదు. కానీ రైతు గారు అనుకున్నట్టు ఇది యజమాని తన మిగులును తన కంపెనీలో పెట్టడం కాదు. కంపెనీ ధర పెరుగుతుందన్న ఆశపై, ఆ ధరనే హామీగా చూపి చేసిన అప్పు ఇది.

ప్రమోటర్లు తమ వాటాలో 50 శాతం గానీ, కంపెనీ మొత్తంలో 20 శాతం గానీ దాటి భారం వేసినప్పుడు, దానికి కారణం ఏమిటో విడిగా వెల్లడించాలని 2019 ఆగస్టు 7న సెబీ ఒక ఆదేశం ఇచ్చింది. అది అదే ఏడాది అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది. అప్పిచ్చింది ఎవరు, షేర్ల విలువ ఎంత, అప్పు ఎంత, రెండింటి నిష్పత్తి ఎంత, డబ్బు ప్రమోటరు సొంత అవసరానికా, కంపెనీ కోసమా, మరొకరి కోసమా అన్నవి ఆ పత్రంలో ఉంటాయి. చాలామంది మదుపరులు ఆ పత్రం దాకా వెళ్ళరు. తాకట్టు గురించి తెలుసుకోవలసినదంతా అందులోనే ఉంటుందని నా అనుభవం. మన కంపెనీ రెండు హద్దులనూ దాటింది కాబట్టి ఆ పత్రం ఇచ్చింది. అందులో షేర్ల విలువ 891 కోట్లు, అప్పు 405 కోట్లు, నిష్పత్తి 2.2 అని ఉంది. ప్రయోజనం గడిలో, ప్రమోటరు గ్రూపు సంస్థల అవసరాలు అని ఉంది.

ఆ చివరి గడి చాలా ముఖ్యం. ప్రమోటరు షేర్ల తాకట్టు అంతా ఒక రకం కాదు. కొత్త కర్మాగారానికి కంపెనీయే దీర్ఘకాలిక రుణం తీసుకున్నప్పుడు, బ్యాంకులు ఆస్తులతో పాటు ప్రమోటరు షేర్లను కూడా అదనపు హామీగా అడగడం మామూలే. అక్కడ అప్పు తీరేది కంపెనీ వ్యాపారం నుంచే, షేరు ధర పడినంత మాత్రాన సాధారణంగా ఎవరూ తలుపు తట్టరు. ప్రమోటరు సొంత సంస్థ కోసం, షేరు ధర మీదనే ఆధారపడి తెచ్చిన అప్పు దీనికి పూర్తిగా భిన్నం. మన కేసు రెండో రకానిది.

ధర పడితే ఏమవుతుంది

బ్యాంకులు కాని ఆర్థిక సంస్థలైన ఎన్‌బీఎఫ్‌సీలు నమోదిత షేర్ల హామీపై అప్పు ఇచ్చేటప్పుడు, అప్పు షేర్ల విలువలో 50 శాతం మించకూడదని రిజర్వు బ్యాంకు 2014లో నియమం పెట్టింది. ధర పడి ఆ హద్దు దాటితే ఏడు పని దినాలలో సరిచేయాలి. అంటే 405 కోట్ల అప్పుకు ఎప్పుడూ 810 కోట్ల విలువైన షేర్లు హామీగా ఉండాలి. ఒప్పందం ఇంకా కఠినంగా ఉండవచ్చు కాబట్టి, ఈ లెక్క వారి పక్షాన ఉదారంగా వేసినదే.

షేరు 300 రూపాయల దగ్గర ఉన్నప్పుడు 2.97 కోట్ల షేర్ల విలువ 891 కోట్లు. ఆ విలువ 810కి దిగాలంటే ధర సుమారు 273కి పడితే చాలు, అంటే తొమ్మిది శాతం. ఇంతటి హెచ్చుతగ్గు చిన్న కంపెనీల షేర్లలో ఒక్కో వారంలోనే వస్తుంది. ధర 210కి, అంటే 30 శాతం పడితే 3.86 కోట్ల షేర్లు తాకట్టులో ఉండాలి, మరో 89 లక్షలు తెచ్చి ఇవ్వాలి. ధర సగానికి, 150కి వస్తే కావలసినవి 5.40 కోట్లు. ప్రమోటర్ల దగ్గర ఉన్నవన్నీ అన్నే. ఆ తరువాత ఇవ్వడానికి ఏమీ మిగలదు.

ఈ లెక్క చూపినప్పుడు రైతు గారికి నేను వేరే ఉదాహరణ చెప్పవలసిన పని లేకపోయింది. ఆయనే చెప్పారు: "డీలరు అప్పు మీద మేత పోసుకున్నాక రొయ్య రేటు పడిందనుకోండి, అందరం ఒకే రోజు పట్టేస్తామండీ. అప్పుడు రేటు ఇంకా పడిపోద్ది." షేర్ల తాకట్టులో జరిగేది అచ్చంగా ఇదే. ధర పడినందువల్ల అమ్మకం, అమ్మకం వల్ల మళ్ళీ ధర పతనం. ఎంత వేగంగా జరుగుతుందన్నది రోజుకు చేతులు మారే షేర్ల సంఖ్య మీద ఉంటుంది. ఈ కంపెనీలో రోజూ డెలివరీకి వెళ్ళేవి సుమారు మూడు లక్షల షేర్లు. అప్పిచ్చినవారు కోటి షేర్లు అమ్మాలనుకుంటే, మార్కెట్టు మొత్తం వారి షేర్లే కొన్నా నెలన్నరకు పైగా పడుతుంది. తాకట్టు ప్రమాదాన్ని కొలిచేటప్పుడు శాతాలతో పాటు ఈ రోజుల లెక్కను కూడా నేను తప్పనిసరిగా ఫైలులో రాస్తాను, ఎందుకంటే ఒకే శాతం తాకట్టు ఉన్న పెద్ద కంపెనీ తట్టుకోగలిగినదాన్ని పలుచని వ్యాపారం ఉన్న చిన్న కంపెనీ తట్టుకోలేదు.

పెద్ద కంపెనీలూ ఎప్పుడూ తట్టుకుంటాయని కాదు. 2019 జనవరి 25న జీ ఎంటర్‌టైన్‌మెంట్ షేరు ఒక్క రోజులోనే పాతిక శాతానికి పైగా పడింది. అప్పటికి ప్రమోటర్ల వాటాలో సగానికి మించి తాకట్టులో ఉంది, అప్పు గ్రూపులోని ఇతర వ్యాపారాల కోసం చేసినది. అప్పిచ్చినవారు వెంటనే అమ్మకుండా గడువు ఇచ్చినా, ఆ ఏడాది చివరికి ప్రమోటర్ల వాటా సుమారు 5 శాతానికి దిగిపోయింది.

సంస్థలు ఉన్నాయి, ఏ సంస్థలు?

ఇక సంస్థాగత వాటా సంగతి. ఈ అంకెను ఒక్క మొత్తంగా చూడటం దాదాపు నిరుపయోగమని నేను నమ్ముతాను. మ్యూచువల్ ఫండ్లు, బీమా సంస్థలు, విదేశీ పోర్ట్‌ఫోలియో మదుపరులు, బ్యాంకులు, ఎన్‌బీఎఫ్‌సీలు అన్నీ ఇందులోకే వస్తాయి, కానీ వాటి ఉద్దేశాలు వేరు, అవి కంపెనీని పరిశీలించే లోతు వేరు.

మొదటి త్రైమాసికంలో ఉన్న 14 శాతంలో మ్యూచువల్ ఫండ్లవి 9, విదేశీ మదుపరులవి 3, బీమా సంస్థలవి 2. ఎనిమిదో త్రైమాసికంలోని 17.5 శాతంలో మ్యూచువల్ ఫండ్లవి 3.5, విదేశీ మదుపరులవి 14, బీమా సంస్థలవి సున్నా. మొత్తం పెరిగింది, కానీ లోపల మనుషులు మారిపోయారు. మ్యూచువల్ ఫండ్లు ప్రతి నెలా తమ పథకాల్లో ఏ షేర్లున్నాయో ప్రకటిస్తాయి కాబట్టి ఎవరు ఎప్పుడు వెళ్ళారో తెలుసుకోవడం కష్టం కాదు. ఎంచి కొనే పథకాలు వారెంట్ల కేటాయింపు తరువాత మూడు త్రైమాసికాల్లో వరుసగా తగ్గించుకుంటూ వెళ్ళాయి. మిగిలిన 3.5 శాతంలో ఎక్కువ భాగం ఇండెక్స్ ఫండ్లది. సూచీలో ఉన్నంత కాలం ఆ షేరును అవి ఉంచుకోక తప్పదు. అక్కడ ఎవరో కూర్చుని కంపెనీ పాలనను మెచ్చుకున్నారని అర్థం చేసుకోకూడదు.

కొత్తగా వచ్చిన విదేశీ మదుపరుల్లో ఇద్దరివే కలిపి 9 శాతం. ఒక శాతం, అంతకు మించి వాటా ఉన్న పబ్లిక్ వాటాదారుల పేర్లు పట్టికలో ఉంటాయి కాబట్టి, ఆ రెండు పేర్లను పట్టుకుని ఇతర కంపెనీల పట్టికల్లో వెతికాం. అవి కనిపించింది చాలా తక్కువ చోట్ల, అన్నీ తక్కువ వ్యాపారం జరిగే చిన్న షేర్లలో. పింఛను నిధిగానో, వందల కంపెనీల్లో మదుపు చేసే పెద్ద ఫండ్‌గానో వాటికి గుర్తింపు లేదు. ఇంతమాత్రాన ఆ డబ్బు ప్రమోటర్లదేనని నిర్ధారించలేం, నేను అలా రాయను కూడా. తమ భారతీయ ఈక్విటీ మదుపులో సగానికి పైగా ఒకే కార్పొరేట్ గ్రూపులో పెట్టిన విదేశీ మదుపరులు అసలు యజమానుల వివరాలు అదనంగా ఇవ్వాలని 2023 ఆగస్టులో సెబీ ఆదేశించడానికి కారణం ఈ రకమైన అనుమానాలే. ఆ వివరాలు సెబీకి అందుతాయి, మన పట్టికల్లోకి రావు. కాబట్టి మా ఫైలులో ఆ 9 శాతాన్ని పాలనకు సాక్ష్యంగా లెక్కించకుండా పక్కన పెట్టాం. బీమా సంస్థలు పూర్తిగా వెళ్ళిపోయాయి, ఎంచి కొనే ఫండ్లలో మిగిలినది ఒక శాతం లోపు. నిజమైన సంస్థాగత విశ్వాసం అనదగినది ఆ కొద్దిపాటిదే.

సంస్థలు నిజమైనవీ పెద్దవీ అయినా సరే, వాటి ఉనికి దేనికి పనికివస్తుంది, దేనికి పనికిరాదు అన్నదానికి మా ప్రాంతంలో అందరికీ తెలిసిన ఉదాహరణ సత్యం కంప్యూటర్స్. రామలింగరాజు గారి కుటుంబం భీమవరం ప్రాంతానిదే కావడంతో ఇక్కడ ఎంతోమంది ఆ షేర్లు కొని ఉంచుకున్నారు. ఆ కంపెనీలో ప్రమోటర్ల వాటా 2001 మార్చిలో 25.60 శాతం, 2008 మార్చికి 8.74 శాతం. సంస్థాగత మదుపరుల వాటా మాత్రం సగానికి పైగా ఉండేది. 2008 డిసెంబరు 16న రాజు గారి కుటుంబానికే చెందిన మేటాస్ సంస్థలను 160 కోట్ల డాలర్లకు కొంటామని బోర్డు ప్రకటించినప్పుడు, కొన్ని గంటల్లోనే ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకునేలా చేసింది ఆ సంస్థాగత మదుపరుల ఆగ్రహమే. బయటికి కనిపించే ఒక చెడ్డ నిర్ణయాన్ని అడ్డుకోవడంలో వారి బలం అది. కానీ ఏళ్ల తరబడి లెక్కల్లో లేని నగదును ఉన్నట్టు చూపుతున్న సంగతి వారికీ తెలియలేదు. 2009 జనవరి 7న రాజు గారు రాసిన లేఖలో నగదు, బ్యాంకు నిల్వలను 5,040 కోట్ల మేర పెంచి చూపినట్టు ఒప్పుకున్నారు. ప్రమోటర్ల షేర్లన్నీ తాకట్టు పెట్టి డబ్బు తెచ్చామని, హామీ విలువ చాలక, మార్జిన్ షరతు కారణంగా అప్పిచ్చినవారు వాటిలో చాలా భాగం అమ్మేశారని కూడా అందులోనే ఉంది.

తాకట్టులన్నీ వెల్లడించాలన్న నియమం అప్పటికి లేదు. ఆ నెలలోనే సెబీ ఆ నియమం తెచ్చింది. ఈ రోజు మన ముందున్న తాకట్టు గడులు ఆ అనుభవం నుంచి పుట్టినవే. 2008 మార్చి నాటి పట్టికలో ఆ సమాచారం ఉండి ఉంటే, 8.74 శాతం వాటాలో భారం లేనిది ఎంతో ఎవరైనా లెక్క కట్టుకోగలిగేవారు. ప్రమోటరు వాటా తక్కువగా ఉండటమే చెడు కాదని కూడా ఇక్కడే చెప్పాలి. ఐటీసీ, ఎల్ అండ్ టీ వంటి కంపెనీల్లో అసలు ప్రమోటరే లేరు. చూడవలసినది, నిర్వహణ తన చేతిలోనే ఉంచుకుని వాటాను మాత్రం ఏటేటా తగ్గించుకుంటున్న ప్రమోటరును. అక్కడ అధికారానికీ నష్టభయానికీ మధ్య దూరం పెరుగుతూ పోతుంది.

నిర్ణయం, ఆ తరువాతి రెండు పట్టికలు

ఎనిమిదో త్రైమాసికపు పట్టిక ఆధారంగా మేమిచ్చిన సలహా, కొనవద్దని. దానికి మరో కారణం కూడా తోడైంది. ఆరు నెలలకొకసారి వచ్చే సంబంధిత పక్షాల లావాదేవీల ప్రకటనలో, కంపెనీ నుంచి ప్రమోటరు గ్రూపులోని ఒక సంస్థకు వ్యాపార అడ్వాన్సు పేరుతో వెళ్ళిన మొత్తం పెరిగింది. తాకట్టు అప్పు భారం మోస్తున్న ప్రమోటరుకు కంపెనీ డబ్బు వైపు చూసే ఒత్తిడి ఉంటుంది. తాకట్టును నేను పాలనకు సంకేతంగా చూడటానికి ప్రధాన కారణం ఇదే, ధర పడుతుందన్న భయం తరువాతిది. కుటుంబంలోని పెద్దకొడుకు కొంచెం నిరాశపడ్డారు కానీ, పెద్దాయన ఆ డబ్బులో కొంత డిపాజిట్టులో, కొంత వచ్చే పంట పెట్టుబడికి ఉంచుకున్నారు.

తరువాత కంపెనీ ఫలితాలు వరుసగా రెండుసార్లు బలహీనంగా వచ్చాయి. షేరు 210 ప్రాంతానికి దిగింది. ఏడు పని దినాల ప్రకటనల్లో అదనపు తాకట్టు కనిపించింది, తొమ్మిదో త్రైమాసికానికి తాకట్టు 3.86 కోట్ల షేర్లకు, అంటే ప్రమోటరు వాటాలో 71 శాతానికి చేరింది. ఇంతవరకు మా లెక్క ప్రకారమే నడిచింది. ఈ కేసులో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది పదో త్రైమాసికపు పట్టిక.

ఆ పట్టికలో తాకట్టు 71 శాతం నుంచి 68 శాతానికి తగ్గింది. సంస్థాగత వాటా 17.5 నుంచి సుమారు 23 శాతానికి పెరిగింది. షేర్ల సమాచారం ఇచ్చే సైట్లు సాధారణంగా ఈ రెండు మార్పులనూ మెరుగుదలగానే, పచ్చ రంగులో చూపుతాయి. జరిగింది వేరు. అప్పిచ్చిన ఒక ఎన్‌బీఎఫ్‌సీ 60 లక్షల షేర్లను జప్తు చేసుకుంది. జప్తు జరిగిన మరుక్షణం డీమ్యాట్ ఖాతాలో ఆ షేర్ల యజమానిగా అప్పిచ్చిన సంస్థ పేరు నమోదవుతుంది, ఆ షేర్లు ప్రమోటరు పట్టికలోంచి పబ్లిక్ పట్టికలోకి మారతాయి. రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైన ఎన్‌బీఎఫ్‌సీలకు సంస్థాగత విభాగంలోనే వరుస ఉంది కాబట్టి, త్రైమాసికం ముగిసేలోపు అవి బజారులో అమ్ముడుపోకపోతే సంస్థాగత వాటా అంతమేర పెరిగినట్టు కనిపిస్తుంది. 10.80 కోట్లలో 60 లక్షలంటే 5.6 శాతం, పెరుగుదలంతా అదే. కొత్తగా ఒక్క ఫండ్ కూడా రాలేదు.

తాకట్టు శాతం తగ్గడం కూడా అటువంటిదే. ప్రమోటరు షేర్లు 5.40 కోట్ల నుంచి 4.80 కోట్లకు, తాకట్టులో ఉన్నవి 3.86 కోట్ల నుంచి 3.26 కోట్లకు దిగాయి. రెండింటిలోంచీ ఒకే 60 లక్షలు పోయాయి కాబట్టి భాగహారంలో శాతం తగ్గింది. ప్రమోటరు ఒక్క రూపాయి అప్పు కూడా తన డబ్బుతో తీర్చలేదు. భారం లేని షేర్లు మాత్రం 1.54 కోట్ల దగ్గరే, అంటే కంపెనీలో 14.3 శాతం దగ్గరే ఉన్నాయి. తాకట్టు తగ్గిందన్న వార్త వచ్చినప్పుడు ప్రమోటరు మొత్తం వాటా కూడా అదే సమయంలో తగ్గిందా అని చూస్తే చాలు. తగ్గకుండా తాకట్టు తగ్గితే విడుదల, రెండూ ఒకేసారి తగ్గితే జప్తు లేదా అమ్మకం. ప్రమోటరు తానే కొన్ని షేర్లు అమ్మి అప్పు తీర్చడం కూడా ఒక మార్గం. దాన్ని జప్తుతో సమానం చేయకూడదు. రెండింటిలో ఏది జరిగిందో ఏడు పని దినాల ప్రకటన చెబుతుంది.

ఈ పద్ధతికి ఉన్న హద్దులను కూడా ఫైలులో రాసి ఉంచాం. పట్టిక త్రైమాసికం చివరి రోజు నాటి చిత్రం మాత్రమే. ఆ రోజుకు ముందు విడిపించి, తరువాత మళ్ళీ తాకట్టు పెట్టే వీలుంది, దాన్ని మధ్యలోని ప్రకటనల ద్వారానే పట్టుకోగలం. తాకట్టు అని పేరు పెట్టకుండా, షేర్లు అమ్మబోమని అప్పిచ్చినవారికి హామీ రాసి ఇచ్చే పద్ధతి ఒకటి ఉంది. 2019లో సెబీ భారం అన్నదాని నిర్వచనాన్ని విస్తరించి ఇలాంటి ఏర్పాట్లనూ చేర్చింది, ఇప్పుడు నమూనాలో వాటికి విడి గడులున్నాయి. పాత త్రైమాసికాలతో పోల్చేటప్పుడు ఈ మార్పును గుర్తుంచుకోవాలి, లేకపోతే నమూనా మారడం వల్ల వచ్చిన పెరుగుదలను కొత్త అప్పుగా భ్రమపడతాం. వీటన్నింటికీ పైన, షేర్లను పట్టుకుని ఉన్న ప్రైవేటు సంస్థ తన స్థాయిలో చేసే ఇతర అప్పులు ఈ పట్టికల్లో కనిపించవు. ప్రమోటరు పేరుకు బదులు ప్రైవేటు సంస్థల పేర్లు ఎక్కువగా ఉన్న చోట, కంపెనీల రిజిస్ట్రార్ దగ్గర ఆ సంస్థల బ్యాలెన్స్ షీట్లను రుసుము కట్టి తెప్పించుకుంటాం. మన కేసులో వారెంట్లు పొందిన సంస్థకు షేర్లపై వచ్చే డివిడెండు తప్ప మరో ఆదాయం లేదని అక్కడే తేలింది. ఏడాది డివిడెండు 405 కోట్ల అప్పుపై వడ్డీలో నాలుగో వంతుకు కూడా సరిపోదు.

పదో త్రైమాసికం తరువాత ఆ కుటుంబం మళ్ళీ అడిగింది, ధర బాగా దిగింది కదా, ఇప్పుడైనా కొనవచ్చునా అని. మేము మూడు షరతులు రాసి ఇచ్చాం. భారం లేని ప్రమోటరు వాటా వరుసగా రెండు త్రైమాసికాల్లో పెరగాలి, అదీ ప్రమోటరు మొత్తం వాటా తగ్గకుండా. గ్రూపు సంస్థకు ఇచ్చిన అడ్వాన్సు నగదు రూపంలో కంపెనీకి తిరిగి రావాలి. ఎంచి కొనే మ్యూచువల్ ఫండ్ లేదా బీమా సంస్థ ఒక్కటైనా ఒక శాతం దాటి పట్టికలో పేరుతో కనిపించాలి. ఈ వ్యాసం రాసే నాటికి రెండో షరతులో కొంత భాగం నెరవేరింది, అడ్వాన్సులో మూడో వంతు వెనక్కి వచ్చింది. మొదటిదీ మూడోదీ ఇంకా నెరవేరలేదు. జప్తు చేసిన 60 లక్షల షేర్లు ఎన్‌బీఎఫ్‌సీ పేరునే ఉన్నాయి, అవి ఎవరి చేతికి వెళతాయన్నది తరువాతి పట్టికలో చూడవలసి ఉంది.